దాచుకున్న బాధకు ముందు కనురెప్పలు, తరువాతే కనుబొమలు

"నా త్రీడీ పాత్ర బాధను లోపలే దాచుకుంటున్నట్టు కనిపించాలి. కనుబొమల కంట్రోళ్లు ఎంత కదిపినా నాటకంలా ఉంటోంది. ఏ బ్లెండ్ షేప్‌ను ఎంత వాడాలి?"

ముందు కనుబొమలను వదిలేయండి. దాచుకున్న బాధ బయటపడేది కనురెప్పల్లో, అందులోనూ కింది రెప్పలో. నాతో ఏకీభవించని యానిమేటర్లు చాలామందే ఉన్నారు, అయినా నేను ఈ మాట మార్చుకోను.

ఒకసారి వేరొకరు సగం చేసిన షాట్ నా చేతికి వచ్చింది. స్నేహితురాలు తాను వెళ్లిపోతున్నానని చెబుతుంది, మా పాత్ర విని "సరే" అంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నాలుగు సెకన్ల షాట్, అంతే. అందులో `browInnerUp` విలువను 0.8 దాకా లాగి, పెదవుల కొసలు కిందికి దించి ఉన్నాయి. రెండూ ఒకే ఫ్రేములో మొదలై ఒకే ఫ్రేములో ఆగుతున్నాయి. ఆ ముఖం జాలి చూపించమని అడుగుతున్నట్టుందే తప్ప బాధను దిగమింగుతున్నట్టు లేదు. "విచారం" అని పేరు పెట్టిన రెడీమేడ్ స్లయిడర్లు ఇచ్చేది కూడా ఇదే ముఖం. వాటిని రిగ్గుల్లో ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నోటిని పూర్తిగా సున్నాకు తెచ్చి కళ్లతో మొదలుపెట్టాను. మాట వినగానే చూపు స్నేహితురాలి ముఖం మీద నుంచి కిందికి దిగాలి. దానికి రెండు ఫ్రేములు చాలు, ఎందుకంటే చూపు మారేటప్పుడు కన్ను మెల్లగా జారదు, ఒక్కసారిగా గెంతుతుంది. నల్లగుడ్డుతో పాటే పై రెప్ప కూడా దిగాలి. మీ రిగ్గులో అది దానంతట అది జరగకపోతే చేత్తో కీఫ్రేములు పెట్టండి. లేకపోతే నల్లగుడ్డుకు పైన తెల్లగుడ్డు బయటపడి, బాధ కాస్తా భయంగా మారిపోతుంది. ఆ చూపుతో పాటే ఒక రెప్పపాటు వేశాను: మూయడానికి రెండు ఫ్రేములు, మూసి ఉంచడానికి ఒకటి, తెరవడానికి నాలుగు. తెరిచాక పై రెప్పను పాత ఎత్తుకు వెళ్లనివ్వకుండా కొంచెం కిందనే ఆపాను. కింది రెప్పకు `eyeSquintLeft`, `eyeSquintRight` చెరో 0.15 ఇచ్చాను.

కనుబొమ ఆ తరువాతే కదిలింది. చూపు దిగిన ఆరు ఫ్రేములకు మొదలై, పన్నెండు ఫ్రేముల్లో `browInnerUp` 0.2కు చేరింది, వెంట రెండు వైపులా `browDown` 0.1. బాధలో నుదుటి కండరం కనుబొమ లోపలి కొసను పైకి లాగుతుంటే, కనుబొమల మధ్య కండరం దాన్ని లోపలికీ కిందికీ గుంజుతుంది. ఎక్మన్, ఫ్రీసెన్ 1978లో ప్రచురించిన ముఖ కదలికల పట్టికలో ఇవి 1, 4 యూనిట్లు, రెప్పల బిగింపు 7వది. అయితే బ్లెండ్ షేపులు పెనుగులాడవు, ఒకదానికొకటి కలుస్తాయి అంతే. పైకీ కిందికీ ఉన్న కదలికలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నుదురు చదునుగా మిగులుతుంది. ఆ రెండూ కలిసినప్పుడు మాత్రమే పనిచేసే దిద్దుబాటు షేపు ఒకటి చెక్కించుకోవాల్సిందే.

షాట్‌లో అసలు విషయం ఆ తరువాత ఉంది. "సరే" అనడానికి ముందు ఆమె తనను తాను సర్దుకుంటుంది, కాబట్టి కనుబొమను 0.05కు దించేశాను. కింది రెప్పను మాత్రం 0.15 దగ్గరే ఉంచాను. కనుబొమ మాట విన్నది, రెప్ప వినలేదు. ప్రేక్షకుడు చదివేది ఈ తేడానే. కనుబొమ 0.2 దగ్గరే నిలబడి ఉంటే, ఎంత అందంగా చెక్కినా అది మళ్లీ ఒక ముసుగే అవుతుంది.

పని సరిగ్గా వచ్చిందో లేదో ఆగి ఉన్న ఫ్రేములో తేల్చకండి. నోటిని చేత్తో కప్పి, షాట్ కెమెరాలోంచి, అసలు వేగంతో నడిపి చూడండి. కళ్లు వాటంతట అవే విషయం చెప్పలేకపోతే నోరు కదపడం దండగ. రెప్ప సగం మూసిన ఫ్రేములో గుడ్డు రెప్పలోంచి పొడుచుకొస్తోందేమో కూడా చూడండి. బ్లెండ్ షేపులో ప్రతి బిందువూ సరళరేఖలో ప్రయాణిస్తుంది, రెప్పేమో గుండ్రటి గుడ్డు మీదుగా వంపు తిరగాలి. 0.5 దగ్గర ఒక మధ్యంతర షేపు పెడితే ఆ తప్పు పోతుంది.

ఇంకొక ఫిర్యాదు చెప్పాలి. ఏఆర్‌కిట్‌లోని 52 షేపుల పట్టికను అనుసరించి కట్టిన రిగ్గు మీ దగ్గర ఉంటే, అందులో `browDown` కుడి ఎడమలకు విడిగా ఉంటుంది గానీ `browInnerUp` రెండు వైపులకూ కలిపి ఒక్కటే. అచ్చంగా ఒకేలా లేచే రెండు కనుబొమలు సున్నితమైన భావాన్ని చంపేస్తాయి. రిగ్గర్‌ను అడిగి దాన్ని రెండుగా చీల్పించండి. ముక్కుకు పైన, నుదుటి మధ్యలో రెండు ముక్కల ప్రభావం క్రమంగా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోవాలి, గీత గీసినట్టు కోస్తే అక్కడ చర్మం మడత పడుతుంది. ఆ తరువాత ఒక వైపుకు 0.2, రెండో వైపుకు 0.14 ఇచ్చి, రెండో దాన్ని రెండు ఫ్రేములు ఆలస్యంగా మొదలుపెట్టండి.