టైర్లు కొనేముందు: తేడా తెలిసేది వానలోనే

అమెరికా వచ్చి పాత కామ్రీ కొనుక్కున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "నాలుగు టైర్లూ మార్చాలంటున్నారు. 400 డాలర్లవి వేయించనా, 800వి వేయించనా?"

పొడి రోడ్డు మీద మామూలుగా నడిపినంతసేపూ తేడా అంతగా తెలియదు. వానలో గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు బయటపడుతుంది. తడి రోడ్డు మీద 60 మైళ్ల వేగంతో రెండు కార్లు ఒకేచోట బ్రేకు వేశాయనుకోండి. మంచి టైర్లున్న మొదటిది 140 అడుగుల్లో ఆగింది, చౌకవి ఉన్న రెండోదానికి 170 పట్టింది. తేడా రెండు కార్ల పొడవే కదా అనిపిస్తుంది. కానీ మొదటిది ఆగిన చోట రెండోది ఇంకా 25 మైళ్ల వేగంతో ఉంటుంది. ముందు బండి ఉంటే ఆ వేగంతోనే గుద్దుతుంది.

కారణం రబ్బరు మిశ్రమం. గట్టి రబ్బరు ఎక్కువ మైళ్లు వస్తుంది, తడిలో జారుతుంది. మెత్తనిది పట్టు ఇస్తుంది, త్వరగా అరుగుతుంది. ఈ రెంటినీ కలిపి సాధించడంలోనే మిషలిన్, కాంటినెంటల్ లాంటివాళ్ల పనితనం ఉంది. అందుకే టైరు పక్కన అరుగుదలను సూచించే TREADWEAR 700 అని ఉందని మురిసిపోకండి. ఆ అంకె ఇచ్చుకునేది తయారీదారే, కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీతో పోల్చలేం. పక్కనే TRACTION అక్షరం ఉంటుంది. అది తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ చక్రం బిగుసుకున్నప్పటి పట్టు. మలుపు గురించి ఏమీ చెప్పదు. AA అన్నిటికన్నా మంచిది. B అయితే నేను కొనను.

ఇక ఖర్చు. 400 డాలర్లవి 35 వేల మైళ్లు, జనరల్, కుమ్హో లాంటి మధ్యరకం 600వి 55 వేలు, 800వి 65 వేలు వచ్చాయనుకుందాం. మైలుకు మూడూ సుమారు ఒక సెంటే. లెక్కలో కాస్త గెలిచేది మధ్యరకం. చౌకవాటిలో మిగిలిందనుకున్న డబ్బు ముందుగా మార్చడంలోనే పోతుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే మధ్యరకం దగ్గర ఆగండి, కిందికి దిగకండి. సియాటెల్ లాంటి వాన ఊళ్లలో ఉంటే మాత్రం పై రకానికే నా ఓటు.

ఎంత మంచి టైరైనా అరిగాక తడిలో పట్టు తప్పుతుంది. చాలా రాష్ట్రాల్లో చట్టం గాడి లోతు 2/32 అంగుళం వరకు ఒప్పుకుంటుంది, వానకు అది చాలదు. క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి చూడండి: వాషింగ్టన్ నడినెత్తి కనిపిస్తోందంటే లోతు 4/32కి వచ్చేసినట్టే, మార్చే వేళయింది. మైలేజీ వారంటీ కావాలంటే టైర్లను ముందూ వెనకా మార్పించిన రసీదులు దాచుకోండి, అవి లేకపోతే క్లెయిమ్ తిరగ్గొడతారు. డిస్కౌంటులో ఇస్తున్నారంటే టైరు పక్కన ఉండే DOT కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. అంత పాతది కొత్తదని అమ్మినా తీసుకోకండి.