స్థూపం వక్రతల వైశాల్యం: 280 కాదు, 880 ఎందుకు?

«వ్యాసం 14 సెం.మీ., ఎత్తు 20 సెం.మీ. ఉన్న డబ్బా వక్రతల వైశాల్యం నాకు 14 × 20 = 280 వస్తోంది, జవాబుల పట్టికలో 880 ఉంది. నా తప్పు ఎక్కడ?»

మీరు లెక్కించినది డబ్బాను ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే ఆకారపు వైశాల్యమే తప్ప, దాని చుట్టూ తిరిగివచ్చే తలానిది కాదు. డబ్బాకు సరిగ్గా అంచు అంచూ కలిసేలా ఒక కాగితం చుట్టి, అతుకు వెంబడి పైనుంచి కిందికి నిట్టనిలువుగా కత్తిరించి బల్లమీద పరవండి. అది దీర్ఘచతురస్రమవుతుంది, దాని ఒక భుజం డబ్బా ఎత్తు, అంటే 20 సెం.మీ. రెండో భుజం ఇంతకుముందు మూత అంచును ఒక చుట్టు చుట్టి ఉన్నదే కనుక దాని పొడవు వ్యాసం కాదు, చుట్టుకొలత: 22/7 × 14 = 44 సెం.మీ. కాగితం సాగలేదు, ముడుచుకోలేదు కాబట్టి వైశాల్యం మారదు; 44 × 20 = 880 చ.సెం.మీ. 2πrh అనే సూత్రంలో 2πr ఈ పొడవే.

కాగితం అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కితే, స్కేలుతో కొలిచిన పొడవు 44 కన్నా ఎక్కువ వస్తుంది. ఎక్కినంత మేర తీసివేయాలి. సంపూర్ణతల వైశాల్యం అడిగితే, ఈ కాగితం కప్పని మూత, అడుగు కూడా కలపాలి: ఒక్కొక్కటి 22/7 × 7 × 7 = 154, కనుక మొత్తం 880 + 308 = 1188 చ.సెం.మీ. మూత లేని డబ్బాకైతే ఒక్క 154 మాత్రమే కలుస్తుంది.