ఆదివారం స్టాప్ ఎందుకు జారుతుంది?

ప్రశ్న: హన్మకొండ నుంచి క్రిప్టో కాయిన్లు ట్రేడ్ చేస్తాను. ఆదివారం నా స్టాప్ పెట్టిన ధర కంటే కిందికి ఎందుకు అమ్ముడవుతోంది?

స్టాప్ ధర తాకగానే అది మార్కెట్ ఆర్డరుగా మారి, ఆ క్షణాన ఆర్డర్ బుక్‌లో ఉన్న బిడ్ల ధరకే అమ్ముడవుతుంది. శని, ఆదివారాల్లో పెద్ద సంస్థల డెస్కులు చాలావరకు పనిచేయవు కనుక, ఎనుమాముల యార్డుకు ఖరీదుదారులు కొద్దిమందే వచ్చిన రోజులాగా, బిడ్లు పలుచబడతాయి.

ఉదాహరణకు 500 కాయిన్లకు ₹95 వద్ద స్టాప్ ఉందనుకుందాం. బుక్‌లో ₹95కు 100, ₹94కు 150, ₹92కు 250 మాత్రమే అడుగుతుంటే సగటున ₹93.20 చేతికొస్తుంది, అంటే అనుకున్నదానికంటే ₹900 తక్కువ. కొనేటప్పుడు ఇదే జారుడు పైవైపు ఉంటుంది కాబట్టి, లిమిట్ ఆర్డరుతో, తక్కువ పరిమాణంలో ప్రవేశించడం మేలు.

స్టాప్-లిమిట్ పెడితే ఈ సమస్య పూర్తిగా తీరుతుందని చాలామంది పొరబడతారు. అది ధరను కాపాడుతుందే తప్ప అమ్మకానికి హామీ ఇవ్వదు. ధర లిమిట్‌ను దాటి ఒక్కసారిగా పడితే కాయిన్లు అమ్ముడుపోకుండా మిగిలిపోతాయి.