నైట్ డ్రాప్ పాలసీలో ఎస్కార్ట్ గురించి ఏం రాయాలి?

జడ్చర్ల దగ్గర మా ఫ్యాక్టరీలో రెండో షిఫ్ట్ రాత్రి 10కి అయిపోతుంది. "అవసరమైతే ఎస్కార్ట్ ఇస్తాం" అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. అవసరమో కాదో తేల్చేది ఎవరో అందులో లేదు. అర్ధరాత్రి అది డ్రైవర్ ఇష్టమైపోతుంది. ఇట్లా రాయండి: "మొదట ఎక్కేది గానీ చివర దిగేది గానీ మహిళ అయితే, ఆమె బండిలో ఉన్నంతసేపూ ఎస్కార్ట్ ఉండాలి. ఎస్కార్ట్ రాకపోతే బండి కదలదు."

ఉదాహరణకు బండిలో ముగ్గురు: ఇద్దరు మగవాళ్లు మహబూబ్‌నగర్‌లో దిగుతారు, ఒక మహిళ దేవరకద్రలో. ఊరు దూరం కాబట్టి వరుస మార్చి లాభం లేదు, ఎస్కార్ట్ దేవరకద్ర దాకా పోవాల్సిందే. చాలాచోట్ల తప్పేది ఇక్కడే: ఎస్కార్ట్ ఇల్లు మహబూబ్‌నగర్‌లోనే ఉంటే ఆయనా అక్కడే దిగిపోతాడు. అందుకే ఎస్కార్ట్ తిరిగి ఫ్యాక్టరీకి వచ్చి సంతకం పెట్టాలని రాయండి.

డ్రాప్ టైమ్ అంటే బండి వీధిలో ఆగిన టైమ్ కాదు, ఆమె లోపలికి పోయి ఫోన్‌లో చెప్పిన టైమ్. అనుకున్న టైమ్ దాటి 15 నిమిషాలైనా కబురు లేకపోతే సెక్యూరిటీ డెస్కే ఫోన్ చేయాలి. దారి మార్చాలంటే డెస్క్ అనుమతి ఉండాలి.

ప్రమాదం ఉంటే ముందు 112. ఫిర్యాదు ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్‌కు కాదు, హెచ్‌ఆర్‌కు పోవాలి. తన డ్రైవర్ మీద ఆయనే విచారణ చేస్తే ఏముంటుంది? లైంగిక వేధింపైతే అంతర్గత కమిటీకి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి కూడా పనిచేసే చోటే. జీపీఎస్, కెమెరా రికార్డులు చెరిగిపోకుండా అదే రోజు తీసి పెట్టాలి.