రికమండేషన్స్ బాలేవని రిపోర్ట్ వెనక్కొస్తే, కోర్సు ఫీజు కట్టే ముందు ఇది చూడండి

ప్రశ్న: నమస్తే సర్. మా బాబు ఎంబీఏ మార్కెటింగ్ ఫైనల్ ఇయర్. విజయవాడలో ఒక పచ్చళ్ళ షాప్ మీద ప్రాజెక్ట్ చేశాడు. రికమండేషన్స్ బాలేవని గైడ్ వెనక్కిచ్చేశారు. సోషల్ మీడియా పెంచాలి, సర్వీస్ మెరుగుపరచాలి అని రాశాడంట, అందులో తప్పేంటో మాకు తెలీట్లేదు. వాడికి మార్కెటింగ్ రాదేమోనని భయంగా ఉంది. 60 వేలు కట్టి డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్పించమంటారా, రిపోర్టే సరిచేసుకోమంటారా? రిపోర్ట్ పంపుతున్నాను.

జవాబు: అమ్మా, రిపోర్ట్ మొత్తం చదివాను. మీ బాబుకి మార్కెటింగ్ వచ్చు. సర్వే సరిగ్గా చేశాడు, ఓనర్ దగ్గర కూర్చుని ఆర్డర్ల పుస్తకం కూడా చూశాడు, ఆ పని చాలామంది చెయ్యరు. చిక్కంతా చివరి రెండు పేజీల్లోనే ఉంది. సోషల్ మీడియా పెంచాలి అన్న వాక్యాన్ని తీసుకెళ్ళి ఏ చెప్పుల షాప్ రిపోర్ట్‌లో పెట్టినా సరిపోతుంది, ఆ మాట రాయడానికి ఇంత సర్వే అక్కర్లేదు కదా, గైడ్ అడిగేది అదే.

అసలు సరుకు వాడి టేబుల్స్‌లోనే ఉంది. నెలకి 400 కొరియర్ ఆర్డర్లు వెళ్తుంటే 24 మంది నూనె కారిందని ఫోన్ చేస్తున్నారని వాడే రాశాడు, కానీ రికమండేషన్స్‌లో దాని ఊసే లేదు. అక్కడి నుంచి మొదలుపెట్టమనండి. సర్వీస్ మెరుగుపరచాలి అని కాకుండా, కొరియర్ వెళ్ళే డబ్బాలకి మాత్రం మూత కింద ఫాయిల్ సీల్ వేసి మందపాటి పౌచ్‌లో పెట్టాలి, బాధ్యత ప్యాకింగ్ చూసే మనిషిది, ఫలానా టేబుల్ చూడండి అని రాయాలి.

తర్వాత ఖర్చు. సీల్, పౌచ్ కలిపి ఆర్డర్‌కి 18 రూపాయలు అనుకుందాం, ఇందులో డబ్బా అంచు తుడిచే మనిషి టైం కూడా వెయ్యాలి, ఎందుకంటే అంచుకి నూనె ఉంటే సీల్ పట్టదు. 400 ఆర్డర్లకి 7,200. సీలింగ్ మెషిన్ 6,000 అయితే ఏడాదికి పరిచి నెలకి 500. మొత్తం 7,700. కారిన ప్రతి ఆర్డర్‌కీ మళ్ళీ పచ్చడి, కొరియర్ కలిపి 350 పోతోంది, 24 కంప్లైంట్లు 4కి తగ్గితే మిగిలేది 7,000. అంటే నెలకి 700 ఇంకా చేతినుంచే పడుతుంది. ఇక్కడ పిల్లలు భయపడి లెక్క దాచేస్తారు, దాచొద్దు. ఆర్డర్‌కి 140 మిగులుతుంటే ఆ 700కి 5 ఆర్డర్లు చాలు, కారకుండా అందుకున్న ఆ 20 మందిలో 5గురు మళ్ళీ తెప్పించుకుంటే డబ్బు తిరిగొచ్చినట్టే. ఓనర్‌కి ఇలా చెప్తే వింటాడు, వద్దనుకున్నా ఎందుకు వద్దో తెలుస్తుంది.

24 నుంచి 4కి తగ్గుతుందన్నది అంచనా మాత్రమే, అది కూడా రాయాలి. కాబట్టి ముందు ఒక నెల ఒక ఆర్డర్‌కి పాత ప్యాకింగ్, తర్వాతి దానికి కొత్తది అలా మార్చి మార్చి పంపమని రాయమనండి. అలా మార్చకుండా దూరం ఊళ్ళన్నీ ఒకే రకం ప్యాకింగ్‌కి పడితే పోలికే పాడవుతుంది. కొత్త ప్యాకింగ్‌లో వెళ్ళిన 200లో ఒకటో రెండో కారితే కొనసాగించొచ్చు, 8 దాకా కారాయంటే ఈ ఖర్చు తిరిగి రాదు, ఆపెయ్యాలి.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి కూడా చూడండి. 120 మందిలో 9 మందే ఇన్‌స్టా చూసి వచ్చామన్నారు. దాన్ని చూసి ఇన్‌స్టా దండగ అని రాసినా తప్పే, ఎందుకంటే వాడు అడిగింది షాప్ కౌంటర్ దగ్గర నిలబడ్డ వాళ్ళని, ఇంటి నుంచి తెప్పించుకునే వాళ్ళు అందులో లేరు. రెండు నెలలు వాట్సాప్ ఆర్డర్ తీసుకునేటప్పుడు మా గురించి ఎలా తెలిసిందండీ అని అడిగి రాసుకోమనడమే ఇప్పటికి సరైన రికమండేషన్, దీనికి ఖర్చు దాదాపు లేదు.

ఇక కోర్సు. నాకు ఈ 60 వేల కోర్సుల మీద నమ్మకం తక్కువమ్మా, దాచను. యాడ్ ఎక్కడ పెట్టాలో, ఏ బటన్ నొక్కాలో నేర్పుతారు, అది పనికొచ్చేదే, కానీ హబ్‌స్పాట్ అకాడమీ లాంటి చోట్ల ఆ మొదటి పాఠాలు సర్టిఫికెట్‌తో సహా ఫ్రీగానే దొరుకుతున్నాయి. ఈ షాప్ ఆ యాడ్‌కి 10 వేలు పెట్టాలా వద్దా అన్నది మాత్రం పైన వేసిన లాంటి లెక్కతోనే తేలుతుంది, అది రాకుండా కోర్సులో చేరితే అక్కడా సోషల్ మీడియా పెంచాలి అనే రాస్తాడు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఒక్క రిపోర్ట్ వెనక్కొస్తే వీడికి రాదేమో అని మీరే అంటే ఎలా? ఆ మాట వాడి ముందు అనుంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. తప్పు దిద్దమని ఇచ్చారు గానీ ఫెయిల్ చెయ్యలేదు కదా.

కాబట్టి ముందు రిపోర్టే. నేను వేసిన 18, 6,000 అంకెలు అలాగే దించెయ్యొద్దని చెప్పండి, ప్యాకింగ్ సామాను అమ్మే ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకోవాలి, ఆర్డర్‌కి ఎంత మిగులుతుందో ఓనర్‌నే అడగాలి, ఆ కొటేషన్లు రిపోర్ట్ చివర అనుబంధంలో పెట్టాలి. ఎనిమిది రికమండేషన్స్ రాశాడు, మూడు చాలు, టేబుల్ నంబర్ చూపించలేనివి కొట్టెయ్యమనండి.