పదేళ్ల పాపకు కిట్ కొనాలా, విడి సామాను కొనాలా?

"మా అక్క బిడ్డకు వచ్చే నెల పదేళ్లు నిండుతాయి. బ్యాటరీ బొమ్మ దొరికితే చాలు, విప్పి చూస్తుంది. 700 రూపాయల లోపు సైన్స్ గిఫ్ట్ ఇద్దామని ఉంది. ఆన్‌లైన్‌లో 'వంద ప్రయోగాలు' కిట్ 699కి కనిపించింది. తీసుకోవచ్చా?" (హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు)

ఆర్డర్ పెట్టే ముందు, డబ్బాలో ఏమేం వస్తాయో ఆ లిస్టు చదవండి. వాడితే అయిపోయేవి ఎన్ని, మిగిలేవి ఎన్ని అని లెక్కపెట్టండి. ఇలాంటి కిట్లలో చాలావాటిలో వంటసోడా, నిమ్మ ఉప్పు, రంగులు, బెలూన్లే ఎక్కువ. రెండు సాయంత్రాల్లో అయిపోతాయి, పైగా సగం మీ వంటింట్లోనే ఉంటాయి. మీ లిస్టు కూడా అలాగే ఉంటే వద్దు.

పాపకు విప్పి చూసే అలవాటు ఉంది కాబట్టి నేనైతే విడి సామాను కొంటాను. వోల్టులు కొలిచే చిన్న డిజిటల్ మల్టీమీటర్ సుమారు 250, క్లిప్పులున్న వైర్లు పది 80, ఫ్యాన్ రెక్కతో చిన్న మోటార్ 50, రెండు పెన్సిల్ సెల్స్, వాటి హోల్డర్ కలిపి 60, పది ఎర్ర ఎల్ఈడీలు, కరెంటును తగ్గించే 100 ఓమ్‌ల రెసిస్టర్లు పది, కలిపి 30. మొత్తం 470. రేట్లు షాపును బట్టి కొంచెం మారతాయి. చౌరస్తా వైపు టీవీ, మిక్సీ రిపేర్ చేసే వాళ్లను అడిగితే ఇవి ఎక్కడ దొరుకుతాయో చెప్తారు.

ఇందులో ఎక్కువ డబ్బు మీటర్‌కే పెట్టమంటున్నాను. ఎందుకో చెప్తాను. నిమ్మకాయలో ఒక జింకు పూత మేకు, ఒక రాగి తీగ ఒకదానికొకటి తగలకుండా గుచ్చి ఎల్ఈడీ కలిపితే వెలగదు. మీటర్ లేని పిల్ల "పాడైపోయింది" అని పక్కన పడేస్తుంది. మీటర్ ఉంటే, దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి చూస్తే దాదాపు 0.9 కనిపిస్తుంది. ఎర్ర ఎల్ఈడీకి రెండు వోల్టుల దాకా కావాలి. అప్పుడు తనే మూడు, నాలుగు కాయలు వరసగా కలుపుతుంది, గది చీకటి చేస్తే సన్నగా వెలుగుతుంది. ఎల్ఈడీ కలపగానే మీటర్‌లో అంకె పడిపోతుంది కూడా. నిమ్మకాయ ఎక్కువ కరెంటు ఇవ్వలేదని అక్కడే తెలుస్తుంది. ఈ ప్రయోగానికి రెసిస్టర్ అక్కర్లేదు. ఆ కాయలు తర్వాత తినకూడదు, వాటిలో జింకు కరిగి ఉంటుంది.

ఎల్ఈడీని రెండు సెల్స్‌కు కలిపేటప్పుడు మాత్రం మధ్యలో రెసిస్టర్ ఉండాలి. పొడుగు కాలు ప్లస్ వైపు పెట్టాలి. తిరగేస్తే వెలగదు, అంతే. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి నేరుగా పెడితే ఒక్కసారి మెరిసి, కాలిన వాసనతో పోతుంది. మీటర్‌ను గోడ ప్లగ్గులో అస్సలు పెట్టొద్దని ముందే చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే బిళ్ల సెల్ ఉన్న కిట్ ఏదీ తేవద్దు. మింగితే రెండు గంటల్లోనే గొంతులో గాయం చేయగలదు.

మిగిలిన 230ని పాప పేరు రాసిన కవర్లో పెట్టి అక్క చేతికివ్వండి. సెల్స్ అయిపోయినా, ఎల్ఈడీలు కాలిపోయినా అందులోంచే కొనాలి.