ప్రోటోజోవా, హెల్మింథ్ పరాన్నజీవులను పోల్చే వ్యాసానికి ప్రణాళిక

ప్రశ్న: “జంతుశాస్త్రం పరీక్షలో ప్రోటోజోవా, హెల్మింథ్ పరాన్నజీవులను నిర్మాణం, ప్రత్యుత్పత్తి, అతిథేయి రోగనిరోధక వ్యవస్థను తప్పించుకునే పద్ధతుల పరంగా పోల్చమని అడుగుతున్నారు. సమయం 45 నిమిషాలు. నోట్సు బోలెడంత ఉంది కానీ, రాయబోతే రెండు జాబితాలు పక్కపక్కన పెట్టినట్టే వస్తోంది. ప్రణాళిక ఎలా వేసుకోవాలి?”

జవాబు:

ఈ ప్రశ్నకు నేను విద్యార్థిగా రాసిన సమాధానం మొదటి సగంలో మలేరియా, అమీబా, జియార్డియా, లీష్మానియా, రెండో సగంలో ఏలికపాము, బద్దెపురుగు, కొంకిపురుగు అన్నట్టుగా సాగింది. తిరిగి వచ్చిన పేపరు అంచున ఎర్ర సిరాతో “పోలిక ఎక్కడ?” అని ఒకే ఒక్క మాట ఉంది, మార్కులు సగానికి తక్కువే పడ్డాయి. తరువాత కొన్నేళ్లు నేనే ఇలాంటి పేపర్లు దిద్దాను. పది ఉదాహరణలను పైపైన తడిమినవాటికంటే, రెండింటిని తీసుకుని లోతుగా వెళ్లినవాటికే ఎక్కువ మార్కులు వేయాలనిపించింది.

ఆ రెండింటినీ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. నా సలహా ట్రిపనోసోమా బ్రూసీ, షిస్టోసోమా మాన్సోని. మొదటిది ఆఫ్రికా నిద్రావ్యాధికి కారణమయ్యే ఏకకణ జీవి, రెండోది రక్తనాళాల్లో ఉండే చదునుపురుగు. రెండూ కణాల్లోకి దూరి దాక్కోకుండా రక్తంలోనే బతుకుతాయి కాబట్టి, రెండింటికీ ఎదురయ్యే శత్రువులు ఒక్కరే: ప్రతిరక్షకాలు, కాంప్లిమెంట్ ప్రోటీన్లు, తెల్ల రక్తకణాలు. నివాసం ఒకటే అయినప్పుడు మిగిలే తేడాలు దేహ నిర్మాణం నుంచి, సంతతిని పెంచుకునే తీరు నుంచి వచ్చాయని ధైర్యంగా వాదించవచ్చు. మలేరియా పరాన్నజీవిని ఏలికపాముతో పోలిస్తే ఈ వీలు ఉండదు, ఎందుకంటే ఒకటి ఎర్ర రక్తకణం లోపల, మరొకటి పేగులో ఉంటాయి.

వ్యాసం మొత్తాన్ని కట్టిపడేసే దారం ఒకటి ఉండాలి. “అతిథేయి దేహంలో తన సంఖ్యను పెంచుకోగల పరాన్నజీవి కొందరు సభ్యులను బలి ఇచ్చి వంశాన్ని కాపాడుకుంటుంది; పెంచుకోలేని పరాన్నజీవి ఉన్న ఒక్క దేహాన్నే ఏళ్ల తరబడి కాపాడుకోవాలి.” మొదటి పేరాలోనే ఈ మాట రాసి, నిర్మాణం, ప్రత్యుత్పత్తి, తప్పించుకోవడం మూడింటినీ దానికి సాక్ష్యాలుగా నిలపండి.

నిర్మాణం గురించి చాలామంది అవసరానికి మించి రాస్తారు. ఇక్కడ ఉపరితలం మీద దృష్టి పెడితే చాలు. ట్రిపనోసోమా ఉన్న రక్తపు పూతకు గీమ్సా రంగు వేసి నూనె కటకం కింద మొదటిసారి చూసినప్పుడు, గుండ్రటి ఎర్ర కణాల మధ్య ఊదారంగులో మెలిక తిరిగిన సన్నని రిబ్బను కనిపించింది. నడిమిన కేంద్రకం, ఒక కొన దగ్గర చుక్కంత కైనెటోప్లాస్టు, అంచు వెంట అల లాంటి పొర. సుమారు 20 మైక్రోమీటర్ల ఆ జీవికి ప్లాస్మా పొరే సరిహద్దు, దాని మీద వీఎస్‌జీ అనే గ్లైకోప్రోటీన్ ఒకే రకం అణువులు సుమారు కోటి దట్టంగా పరుచుకుని ఉంటాయి. షిస్టోసోమా సెంటీమీటరు పొడవుంటుంది, కంటికే కనిపిస్తుంది. దాని పైభాగం టెగ్యుమెంట్ అనే ఒకే అఖండ పొర: కణాల మధ్య గోడలు లేవు, కేంద్రకాలున్న భాగాలు కండర పొర అడుగున ఉండి సన్నని వంతెనల ద్వారా పై పొరకు సరుకు పంపుతుంటాయి. దాని వెలుపలి పొర ఒకదానిపై ఒకటిగా రెండు లిపిడ్ ద్విపొరలతో ఏర్పడింది. దీన్ని క్యూటికిల్ అని రాస్తే మార్కు పోతుంది. క్యూటికిల్ గుండ్రటి పురుగులది, అది జీవం లేని కవచం. టెగ్యుమెంట్ సజీవమైనది, నిరంతరం మరమ్మతు చేసుకునేది. తరువాత తప్పించుకోవడం గురించి రాసేదంతా ఈ తేడా మీదే నిలబడుతుంది.

ప్రత్యుత్పత్తి దగ్గర లెక్క వేసి చూపించండి. ట్రిపనోసోమా రక్తంలో సుమారు ఆరు గంటలకోసారి ద్విధావిచ్ఛిత్తి చెందుతుందనుకుంటే రోజుకు నాలుగు విభజనలు, ఐదు రోజులకు ఇరవై. ఏదీ చావకపోతే ఒక్క కణం నుంచి 10,48,576 కణాలు వస్తాయి. ఇప్పుడు రెండో వైపు: నీటిలో నిలబడ్డ మనిషి చర్మంలోకి షిస్టోసోమా లార్వాలైన సెర్కేరియాలు వంద దూరాయనుకుందాం. ఐదేళ్ల తరువాత కూడా ఆ దేహంలో ఉండగలిగినవి వంద పురుగులే, నిజానికి అంతకన్నా తక్కువ. అవి యాభై జతలై, ఒక్కో ఆడపురుగు రోజుకు సుమారు 300 గుడ్లు పెడితే ఐదేళ్లలో రెండున్నర కోట్లకు పైగా గుడ్లు అవుతాయి, కానీ ఆ గుడ్లలో ఒక్కటీ అదే దేహంలో పెద్ద పురుగు కాదు. గుడ్డు బయటికి పోయి, నీటిలో మిరాసీడియం అనే లార్వాగా పొదిగి, నత్తలో చేరి, స్పోరోసిస్టులుగా అలైంగికంగా పెరిగి, వేల సెర్కేరియాలుగా మళ్లీ నీటిలోకి రావాలి. అంటే ఇక్కడ అలైంగిక వృద్ధి నత్తలో, లైంగిక ప్రత్యుత్పత్తి మనిషిలో. ట్రిపనోసోమాలో ఇది తలకిందులు: అలైంగిక వృద్ధి మనిషి రక్తంలో ఉంది, జన్యు మార్పిడి త్సెత్సె ఈగ లాలాజల గ్రంథుల్లో జరుగుతుంది. ఈ తిరగబడ్డ పోలికను రెండు వాక్యాల్లో చెప్పగలిగితే, జీవితచక్రాలు పూర్తిగా రాయనక్కర్లేదు.

తప్పించుకునే పద్ధతులకు దాదాపు సగం సమయం కేటాయించండి. నిద్రావ్యాధి రోగి రక్తంలో పరాన్నజీవులను రోజూ లెక్కించి, వాటి సంఖ్య అలలుగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని రోనాల్డ్ రాస్, డేవిడ్ థామ్సన్ 1910లో చూపించారు. ఆ అలకు కారణం వీఎస్‌జీ మార్పు. ఈ పొర తయారీకి పనికొచ్చే జన్యువులు, అసంపూర్ణమైన జన్యు ముక్కలు కలిపి జీనోములో రెండు వేలకు అటూఇటూగా ఉన్నాయి, కానీ ఒక కణంలో ఒక సమయంలో ఒక్కటే వ్యక్తమవుతుంది. ప్రతిరక్షకాలు తయారయ్యేసరికి ఆ పొర ఉన్నవి దాదాపు అన్నీ చస్తాయి, అప్పటికే వేరే పొరకు మారిన కొద్దిపాటి కణాలు తరువాతి అలను లేపుతాయి. పేపర్లు దిద్దేటప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన పొరపాటు ఇక్కడే: “ప్రతిరక్షకాన్ని చూసి పరాన్నజీవి తన పొరను మార్చుకుంటుంది” అని రాస్తారు. మార్పు యాదృచ్ఛికంగా, ప్రతిరక్షకం ఉన్నా లేకున్నా జరుగుతుంది. ప్రతిరక్షకం చేసేది ఎంపిక మాత్రమే. లక్షల కణాలు ఉంటేనే అరుదైన మార్పు కూడా ఎక్కడో ఒకచోట తప్పక జరుగుతుంది, కాబట్టి ఈ పద్ధతి వేగంగా పెరిగే జీవికే చెల్లుతుంది. పై లెక్కకు, ఈ పేరాకు ముడి వేయాల్సింది ఇక్కడే.

వంద పురుగులకు మించి లేని షిస్టోసోమాకు అలాంటి జూదం ఆడే వీలు లేదు. అది వేషం వేస్తుంది. స్మిథర్స్, టెర్రీ, హాక్లీ 1969లో ప్రచురించిన ప్రయోగాన్ని ఒక పేరా నిండా రాయండి, ఎందుకంటే ఈ వాదనకు అంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలిసి లేదు. ఎలుకలో పెరిగిన పెద్ద పురుగులను మామూలు కోతిలోకి మారిస్తే కొన్నాళ్లు తడబడినా బతికాయి. అవే పురుగులను, ఎలుక ఎర్ర రక్తకణాలకు వ్యతిరేకంగా ముందే టీకా వేసిన కోతిలోకి మార్చినప్పుడు చచ్చాయి. కోతిలోని ప్రతిరక్షకాలు తయారైంది పురుగు మీదికి కాదు, ఎలుక మీదికి. అయినా పురుగు చచ్చిందంటే దాని ఒంటి మీద ఎలుక ప్రతిజనకాలు ఉన్నాయన్నమాట. రక్తవర్గ గ్లైకోలిపిడ్ల వంటి అతిథేయి అణువులను టెగ్యుమెంట్ తనమీద అతికించుకుంటుంది. ఇది అతిథేయి అణువును పోలినదాన్ని స్వయంగా తయారుచేసే అనుకరణ కాదు, అరువు తెచ్చుకోవడం. రెండింటినీ ఒకే మాటతో రాసేయకండి.

ఈ వేషానికి ఒక బలహీన ఘడియ ఉంది. చర్మంలోకి కొత్తగా వచ్చిన లార్వాకు రెండు ద్విపొరల తొడుగు ఏర్పడటానికి కొన్ని గంటలు పడుతుంది, అరువు అణువులు చేరడానికి ఇంకా ఎక్కువ. ఆ సమయంలో ఐజీఈ వంటి ప్రతిరక్షకాలు అంటుకుంటే ఇసినోఫిల్ కణాలు దానిమీద పడి విషకణికలు కుమ్మరించగలవు. అందుకే పాత పురుగులు హాయిగా ఉన్న దేహంలోనే కొత్తగా వచ్చే లార్వాలు చావడం ప్రయోగాల్లో కనిపించింది. పాతవి బతికి ఉండగానే కొత్తవాటిని ఆపే ఈ స్థితిని సహగామి రోగనిరోధకత అని పరిచయం చేసి, ట్రిపనోసోమాలో దీనికి సమానమైనది ఎందుకు లేదో ఒక వాక్యంలో చెప్పండి.

బాగా చదివిన విద్యార్థి మాత్రమే రాసే అంశం ఇంకొకటి ఉంది. గుడ్డు రక్తనాళపు గోడను, పేగు గోడను దాటి బయటపడటానికి అతిథేయి రోగనిరోధక ప్రతిచర్యే తోడ్పడుతుంది. రోగనిరోధకత లోపించిన ఎలుకల్లో మలంలోకి వచ్చే గుడ్ల సంఖ్య పడిపోతుంది. కాబట్టి పురుగు తన దేహాన్ని దాచుకుంటూనే గుడ్ల చుట్టూ ప్రతిచర్యను రేపుతుంది. దారితప్పి కాలేయంలో చిక్కిన గుడ్ల చుట్టూ ఏర్పడే గ్రాన్యులోమాలే వ్యాధికి ప్రధాన కారణం. “తప్పించుకోవడం” అనే ప్రశ్నపదం ఇక్కడ కొంచెం ఇరుకవుతుందని మీరే ఎత్తి చూపితే దిద్దేవాళ్లకు నచ్చుతుంది.

దారం గట్టిదో కాదో చూపడానికి అది తెగే చోట్లను కూడా చివరి పేరాలో ఒప్పుకోండి. హెల్మింథులేవీ అతిథేయిలో తమ సంఖ్యను పెంచుకోలేవని రాస్తే తప్పు: ఎకైనోకాకస్ హైడాటిడ్ కోశంలో అలైంగికంగా వృద్ధి చెందుతుంది, స్ట్రాంజిలాయిడిస్ అదే మనిషిని లోపలి నుంచే మళ్లీ సోకుతూ దశాబ్దాలు నిలుస్తుంది. ప్రోటోజోవాలన్నీ పొరలు మార్చవు. లీష్మానియా మాక్రోఫేజ్ లోపలే కాపురం పెడుతుంది. ఈ మినహాయింపులకు ఐదు నిమిషాలు, అంతకుమించి వద్దు.

మిగతా సమయంలో మొదటి ఐదు నిమిషాలు చిత్తు ప్రణాళికకు, పదిహేను నిర్మాణ ప్రత్యుత్పత్తులకు, ఇరవై తప్పించుకునే పద్ధతులకు సరిపోతాయి. బొమ్మలు రెండే గీయండి: రోజులు అడ్డంగా, రక్తంలోని ట్రిపనోసోమాల సంఖ్య నిలువుగా ఉన్న అలల గ్రాఫు, ప్రతి శిఖరం మీద వేరే వీఎస్‌జీ గుర్తుతో, దాని పక్కన టెగ్యుమెంట్ అడ్డుకోత, పైన అంటుకున్న అతిథేయి అణువులు వేరే రంగులో. నేను పరీక్షలో జీవితచక్రం మొత్తం గీసి పది నిమిషాలు పోగొట్టుకున్నాను, ఆ బొమ్మకు దక్కింది ఒక్క మార్కు.